బోర్డు మీద అక్షరాలన్నీ చదివినా పవర్ ఉండొచ్చు

సాయంత్రమయ్యేసరికి స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. కనుబొమల పైన, నుదుటి మీద బరువుగా నొప్పి మొదలవుతుంది. ఆఫీసు నుంచి బయటికొచ్చాక ఎదురుగా వస్తున్న బస్సు నంబరు కూడా కాసేపటి వరకూ తేటగా తెలియదు. సెలవు రోజు మాత్రం ఏ బాధా ఉండదు. కళ్లు చూపించుకుంటే బోర్డు మీద చివరి వరుస దాకా చదివేస్తారు, 'సైట్ ఏమీ లేదు' అంటారు. దాంతో పని టెన్షన్ అనుకుని ఊరుకుంటారు. ఇలాంటి వాళ్లలో కొందరికి నిజంగానే పవర్ ఉంటుంది, అదీ ప్లస్ పవర్. వయసులో ఉన్న కన్ను దాన్ని దాచిపెట్టగలదు.

ఎలా దాస్తుందో చూద్దాం. కంటిలోపల కటకం చుట్టూ ఉంగరంలాంటి ఒక కండరం ఉంటుంది. దగ్గరి వస్తువును చూసినప్పుడు అది బిగుసుకుంటుంది, కటకం ఉబ్బి ఫోకస్ కుదురుతుంది. ఏ లోపమూ లేని కంటికి దూరం చూసేటప్పుడు ఈ కండరంతో పని లేదు. ప్లస్ పవర్ ఉన్న కంటికి దూరం చూడటానికి కూడా అది బిగుసుకోవాల్సిందే. ఆరు మీటర్ల బోర్డు ముందు కూర్చున్న రెండు నిమిషాలూ ఆ పని సునాయాసంగా చేసేస్తుంది కాబట్టి చూపు 6/6, అంటే మామూలుగానే ఉందని వస్తుంది. బోర్డు పరీక్షలో ఎంత చదివారన్నదే తెలుస్తుంది, ఎంత కష్టపడి చదివారన్నది తెలియదు.

ఇరవై ఏడేళ్ల మనిషికి రెండు కళ్లలోనూ ప్లస్ 1.75 ఉందనుకుందాం. మానిటర్ అర మీటరు దూరంలో ఉంటే, దాన్ని చూడటానికి ఎవరికైనా 2 డయాప్టర్ల శ్రమ అవసరం; కళ్లద్దాల పవర్‌ను కొలిచేదీ ఈ డయాప్టర్లలోనే. ఈయనకు అది 3.75 అవుతుంది. ఫోన్‌ను 25 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే అందరికీ 4, ఈయనకు 5.75. ఆ వయసులో కంటి మొత్తం శక్తి సగటున 10 డయాప్టర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో సుమారు సగం వరకే గంటల తరబడి హాయిగా వాడుకోగలం. అంటే ఫోన్ చూసిన ప్రతిసారీ ఆయన హద్దు దాటుతున్నాడు. ఈ శక్తి ఏటా కొంచెం తగ్గుతూ వస్తుంది కాబట్టే, కాలేజీలో లేని తలనొప్పి ముప్పై దగ్గరపడ్డాక మొదలవుతుంది.

చాలాసేపు గట్టిగా బిగించిన పిడికిలి వదిలినా వేళ్లు వెంటనే చాపలేం కదా, ఈ కండరం కూడా అంతే. రోజంతా బిగుసుకున్నది తలెత్తగానే సడలదు. అందుకే బస్సు నంబరు మసక. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. ఆ స్థితిలో కంప్యూటర్ టెస్ట్ చేయిస్తే యంత్రం మైనస్ పవర్ చూపించవచ్చు. ఆ చీటీ పట్టుకుని మైనస్ అద్దాలు చేయిస్తే దూరం బాగానే కనిపిస్తుంది గానీ కండరానికి భారం ఇంకా పెరుగుతుంది, నొప్పి ముదురుతుంది. అద్దాలు పెట్టుకున్నాక తలనొప్పి ఎక్కువైతే 'అలవాటు పడాలిలే' అని నెలల తరబడి భరించకండి. మళ్లీ పరీక్ష చేయించండి.

దాగిన పవర్‌ను పట్టుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. ఒక కన్ను మూసి, రెండో కంటి ముందు ప్లస్ 1 లెన్స్ పెట్టి బోర్డు చదివిస్తారు. మామూలు కంటికి కింది వరుసలు చెదిరిపోతాయి. అప్పటికీ చివరి వరుస తేటగానే చదివితే, ఆ కంట్లో ప్లస్ ఉందని అనుమానించాలి. ఖాయం చేసుకోవడానికి కండరాన్ని తాత్కాలికంగా సడలించే చుక్కల మందు వేసి పవర్ చూస్తారు. మందు ప్రభావం తగ్గేదాకా దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ భరించలేం. ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఎవరినైనా తీసుకెళ్లాలి. తేలిన పవర్ మొత్తాన్ని ఒకేసారి ఇవ్వకపోవచ్చు కూడా. కండరం పాత అలవాటు వదలక దూరం మసకేస్తుంది కాబట్టి కొంత ఇచ్చి, తర్వాత పెంచుతారు.

మసకంతా పవర్ వల్లే కాదు. స్క్రీన్ చూస్తూ రెప్పవేయడం బాగా తగ్గిస్తాం, కంటి మీది తడి పొర ఆరిపోతుంది. రెండు మూడుసార్లు గట్టిగా రెప్ప వేయగానే తేటపడితే అది పొడిదనం, దానికి కళ్లద్దాలు మందు కాదు. నీలి కాంతిని ఆపే అద్దాలకు ఎక్కువ డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగే. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో వెలువరించిన సమీక్ష, వాటివల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం చూపలేకపోయింది.

నిద్ర లేస్తూనే వచ్చే తలనొప్పి, వాంతులతో కూడిన నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, ఒక వస్తువు రెండుగా కనిపించడం, ఒక కంటికి తెర అడ్డొచ్చినట్టు ఉండటం స్క్రీన్ అలసట లక్షణాలు కావు. వీటిలో ఏది ఉన్నా కళ్లజోడు దుకాణానికి కాదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.