వెలిసిపోయిన కుర్తాకు ఏ రంగు వేద్దాం?

చిన్నీ, బుజ్జీ,

మీరు పంపిన అక్క కుర్తా ఫోటో చూశాను. లేత నీలం నూలు కుర్తా, భుజాల దగ్గర వెలిసిపోయింది. ముందువైపు సాంబారు మరక, కుడి చేతి మీద టీ మరక. "గులాబీ రంగు వేస్తే మరకలు పోతాయి కదా అమ్మమ్మా?" అని అడిగారు. పోవర్రా. ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి.

గోడకు వేసే పెయింటు కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. బట్ట రంగు అలా కాదు. చాక్లెట్‌కి చుట్టే రంగు గాజు కాగితం ఉంటుంది చూడండి, దాన్ని ఆ ఫోటో మీద పెట్టినట్టే. కింది రంగు పైరంగుతో కలిసిపోతుంది. లేత నీలం మీద గులాబీ పడితే ఊదా వస్తుంది. సాంబారు పసుపు మీద పడితే నారింజ అవుతుంది. ఊదా కుర్తాకి నడుమ నారింజ మచ్చ! అక్క మళ్లీ దాన్ని వేసుకుంటుందా?

అందుకని మరక రంగు ఏ రంగులో ఇమిడిపోతుందో ఆలోచించాలి. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ కదా. కాబట్టి ఆకుపచ్చ వేస్తే కుర్తా నీలమూ, మరక పసుపూ రెండూ అందులో కలుస్తాయి. అయితే చిలకపచ్చ లాంటి లేత రంగు వద్దు, మరక ఉన్నచోట కాస్త పసుపు తిరిగి తెలిసిపోతుంది. ముదురాకుపచ్చ తీసుకోండి. టీ మరక, భుజాల దగ్గర వెలిసిన చోటు కూడా అందులో చాలావరకు అణిగిపోతాయి. ముందు లోపలి కుట్టు దగ్గర మిగిలిన గుడ్డ చిన్నది కత్తిరించి, దాన్ని రంగులో ముంచి, ఆరబెట్టి చూసుకోండి.

ఇక నూనె మరక సంగతి. పసుపు మరకకి రంగు పడుతుంది, నూనె మరకకి పట్టదు. ఒకసారి నేను తొందరలో నా లంగాని సరిగ్గా ఉతక్కుండానే రంగులో వేశాను. ఆరాక చూస్తే మెరూన్ మధ్యలో తెల్లగా మూడు దీవులు! సాంబారులో పోపు నూనె ఉంటుంది కాబట్టి, ముందు వేడినీళ్లలో సబ్బు, ఒక చెంచా చాకలి సోడా వేసి ఉతకండి. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడుతుంది, టెన్షన్ పడకండి, బాగా జాడిస్తే మళ్లీ పసుపే అవుతుంది. తర్వాత ఎండలో ఆరేస్తే ఇంకా తగ్గుతుంది. ఆరాక మరక మీద ఒక్క నీటిచుక్క వేసి చూడండి. చుక్క ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడితే నూనె ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఉతకాలి.

రంగు వేసేటప్పుడు అమ్మ పక్కన ఉండాలి. చేతులకు గ్లోవ్స్, ముక్కుకి గుడ్డ ఉండాలి, పొడి ఎగురుతుంది. ఇక మళ్లీ వంటకి వాడని స్టీలు గిన్నె కావాలి. నూలు బట్టకని రాసి ఉన్న, వేడినీళ్లలో వేసే రంగు పొట్లం కొనండి. ఎంత బరువు బట్టకి సరిపోతుందో దాని మీదే ఉంటుంది. ముదురు రంగు రావాలంటే దానికి రెట్టింపు పొడి పడుతుంది. కుర్తా బరువు 200 గ్రాములనుకుంటే ఆరు లీటర్ల నీళ్లు పోయండి, బట్ట అందులో ఈదుతున్నట్టుండాలి. పొడిని విడిగా కాసిని వేడినీళ్లలో కరిగించి, పల్చటి గుడ్డతో వడగట్టి పోయండి. కరగని రవ్వ ఒక్కటి బట్టకి అంటుకున్నా అక్కడ చుక్క పడిపోతుంది.

కుర్తాని తడిపి, నీళ్లు పిండేసి, ఆ రంగునీళ్లలో వేయండి. మొదటి పది నిమిషాలూ కర్రతో తిప్పుతూనే ఉండాలి. మానేస్తే మడతల దగ్గర చారలొస్తాయి. పావుగంటయ్యాక నాలుగు పెద్ద చెంచాల ఉప్పు, రెండు విడతలుగా. ఉప్పు నీళ్లలో ఉన్న రంగుని నూలులోకి తోస్తుంది. సన్నమంట మీద ముప్పావుగంట ఉంచి, అదే నీళ్లలో చల్లారనివ్వండి. ఆపైన నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా జాడించి, నీడలో ఆరేయండి. చివర్లో వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని కొందరంటారు. నూలు విషయంలో దానివల్ల లాభం లేదు.

కుట్టుదారం పాలిస్టర్ అయితే దానికి ఈ రంగు అంటదు. ముదురాకుపచ్చ మీద లేత నీలం కుట్లు కనపడతాయి. నాకైతే అది కావాలని పెట్టిన డిజైన్‌లాగే ఉంటుంది, అక్కకి ముందే చెప్పి ఉంచండి.

మొదటి నాలుగు ఉతుకులూ చన్నీళ్లలో, విడిగానే ఉతకండి. నాన్న తెల్ల బనీన్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పూర్తిగా ఆరాకే నాకు ఫోటో పంపండి. తడి బట్ట రంగు ముదురుగా కనపడుతుంది, దాన్ని చూసి నేను మోసపోకూడదు కదా.

మీ అమ్మమ్మ