ఫోటోలో ఉన్నది ఈమేనా?

తాకట్టు పెట్టిన నగలు విడిపించుకోవడానికి కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒక మహిళ అనంతపురంలోని బ్యాంకుకు వచ్చిందనుకుందాం. పన్నెండేళ్ల కిందటి ఆధార్ ఫోటోలో ఆమె ముఖం నిండుగా ఉంది. ఇప్పుడు చెంపలు పీక్కుపోయాయి, జుట్టు నెరిసింది. కౌంటర్‌లోని ఉద్యోగి కార్డునూ ముఖాన్నీ ఓసారి చూసి తల ఊపుతాడు. కార్డు అసలుదేనా, అందులోని ముఖం ఎదుటి మనిషిదేనా, నగలు పెట్టింది ఈ మనిషేనా అనే మూడు వేర్వేరు ప్రశ్నలను ఆ ఒక్క చూపుతో తేల్చేశాననుకుంటాడు.

మొదటి ప్రశ్నకు కార్డు మీది క్యూఆర్ కోడ్ సాయపడుతుంది. ఆధార్ సంస్థ యాప్‌తో చదివితే డిజిటల్ సంతకం ఉన్న పేరూ ఫోటో తెరపైకి వస్తాయి కాబట్టి, అచ్చులో ఫోటో మార్చి ఉంటే తెలిసిపోతుంది. అయితే అక్క కార్డును చెల్లెలు తెచ్చినా ఆ కోడ్ సరిగ్గానే పలుకుతుంది.

అసలు కష్టమంతా రెండో ప్రశ్నలోనే ఉంది. తెలిసినవాళ్లను మసక ఫోటోలోనైనా పోల్చుకుంటాం గనుక, తెలియనివాళ్ల విషయంలోనూ మన కన్ను అంతే నమ్మదగినదని భ్రమపడతాం. 1997లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ సూపర్‌మార్కెట్ ప్రయోగంలో, వేరేవాళ్ల ఫోటో ఉన్న క్రెడిట్ కార్డులలో సగానికి పైగా క్యాషియర్లు అంగీకరించారు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులపై 2014లో వెలువడిన పరిశోధనలో, వేరే మనిషి ఫోటోను సరైనదిగా ఒప్పుకున్న సందర్భాలు 14 శాతం ఉన్నాయి. ఏళ్ల అనుభవం ఆ తప్పును తగ్గించలేదు. ఈ రెండో ఫలితమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

అందుకే అనుమానం కలిగినప్పుడు ముఖాన్ని మొత్తంగా చూడడం మాని, భాగాలుగా చూడాలి. జుట్టునూ చెంపల నిండుదనాన్నీ పక్కనబెట్టి, చెవి ఆకారం, పుట్టుమచ్చలు, గాటు గుర్తులు ఫోటోలో కనిపించినంత మేరకు ఒక్కొక్కటిగా సరిచూడాలి. తర్వాత మరో ఉద్యోగికి, తన అనుమానం ఏమిటో చెప్పకుండా, అదే పోలికను అప్పగించాలి. ముందే చెబితే రెండో అభిప్రాయం మొదటిదానికి నీడే అవుతుంది.

వేలిముద్ర అడగవచ్చు గాని, కూలిపనుల్లో వేళ్లు అరిగినవారికి అది కుదరకపోవచ్చు. కుదరనంత మాత్రాన ఆమె మోసగత్తె కాదు. ఓటీపీ చెప్పగలిగితే ఫోను ఆమె దగ్గర ఉందని మాత్రమే తెలుస్తుంది.

మూడో ప్రశ్నకు మాటలే దారి. "మీ పేరు లక్ష్మమ్మేనా?" అని అడిగితే జవాబును మనమే అందించినట్టవుతుంది. "అమ్మా, ఫోటో పాతది కాబట్టి ఇంకొంచెం చూడాల్సి వస్తోంది, కూర్చోండి" అని కారణం చెప్పి, "ఏమేం నగలు పెట్టినారు? ఎప్పుడు పెట్టినారు?" అని అడగాలి. ఆమె రెండు వరుసల గొలుసనీ, ఒక జత కమ్మలనీ చెప్పి, వేరుశనగ విత్తే ముందు పెట్టానంటే, ఆ మాటలను తాకట్టు రిజిస్టరులోని వివరాలతోనూ తేదీతోనూ పోల్చవచ్చు. ఎడమ చెవి కింది పుట్టుమచ్చ కూడా ఫోటోతో కలిసి, రెండో ఉద్యోగి విడిగా అవునంటే, ఏమేం సరిచూశారో రాసుకొని నగలు ఇవ్వవచ్చు. జవాబులు రిజిస్టరుతో కలవకపోతే ఆమెను దొంగ అనకుండా, మరో గుర్తింపు పత్రం తెచ్చేదాకా నగలను లాకరులోనే ఉంచి, విషయాన్ని మేనేజరుకు అప్పగించాలి.