సినిమా పాటలో రాగం పట్టడం: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలుల్లో పాటల పోటీలకు తయారయ్యే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "ఈ పాట ఏ రాగమో ఎలా తెలుస్తుంది?" దీనికి చుట్టుపక్కల వినిపించే జవాబుల్లో సగం తప్పుదారి పట్టించేవే.

అపోహ: హార్మోనియం మీద పాట వాయించి, ఏ మెట్లు పడ్డాయో చూస్తే రాగం తెలిసిపోతుంది.

తెలియదు. హార్మోనియం మీదే పరీక్షించి చూడండి. నల్ల మెట్లు మూడు ఒక గుంపుగా, రెండు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటిలో మొదటిది షడ్జం, అంటే 'స', అనుకుని నల్ల మెట్ల మీదే తిరిగితే మోహన. రెండోది షడ్జం అనుకుంటే మధ్యమావతి, మూడోది అనుకుంటే హిందోళం. రెండు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జం చేస్తే శుద్ధసావేరి, రెండోదాన్ని చేస్తే శుద్ధధన్యాసి. అవే అయిదు మెట్లు, అయిదు రాగాలు. మారింది షడ్జం ఒక్కటే.

కాబట్టి ముందు వెతకాల్సింది షడ్జం. పాట మొదలైన స్వరమే షడ్జం అనుకోవద్దు; చాలా పాటలు గాంధారం మీదో పంచమం మీదో ఎత్తుకుంటాయి. పల్లవి రెండుసార్లు విని, చివరి మాట దగ్గర పాట ఆపేయండి. గొంతు ఎక్కడికి చేరితే పాట ముగిసినట్టు అనిపిస్తుందో ఆ స్వరాన్ని కూనిరాగంగా పట్టుకోండి. తంబూరాను దానికి శ్రుతి చేసి, పల్లవి మళ్లీ పాడండి. హిందోళంలో పంచమం లేదు కాబట్టి అక్కడ తంబూరాకు పంచమం బదులు మధ్యమం పెట్టుకోవచ్చు.

'శంకరాభరణం' (1980)లో మన నెల్లూరు జిల్లా బిడ్డ బాలుగారు పాడిన 'శంకరా నాదశరీరాపరా' మధ్యమావతి. ఇందులో నిషాదాన్ని షడ్జంగా పొరబడితే అదే పాట మోహనలా కనిపిస్తుంది. తప్పు పడిందని ఎలా తెలుస్తుంది? మీరు 'రి' అనుకున్న స్వరం మీదికే వాక్యాలు పదే పదే వచ్చి ఆగుతుంటాయి. మోహనలో రిషభం మీద పాట అన్నిసార్లు కుదురుకోదు. అలా ఆగుతోందంటే అదే అసలు షడ్జం. అక్కడి నుంచి మళ్లీ లెక్కపెట్టండి.

అపోహ: షడ్జం దొరికాక ఆరోహణ, అవరోహణ సరిపోతే చాలు.

మధ్యమావతి, శ్రీరాగం, బృందావన సారంగ మూడూ 'రి మ ప ని' అంటూ పైకి వెళ్తాయి. తేడా తెలిసేది దిగేటప్పుడు, అదీ చివరి రెండు మూడు స్వరాల్లో. 'ని ప మ రి స' అని గాంధారం తగలకుండా దిగితే మధ్యమావతి. 'మ రి గ రి స' అని గాంధారాన్ని తాకి మళ్లీ రిషభం మీదుగా వస్తే శ్రీరాగం. 'మ రి గ స' అని గాంధారం నుంచి నేరుగా షడ్జానికి వస్తే బృందావన సారంగ. ఈ చిన్న గాంధారం సినిమా పాటలో కంటిరెప్పపాటులో దాటిపోతుంది. వాద్యాలు ఆగి గాయకుడి గొంతు ఒక్కటే మిగిలే చోటు చూసుకుని, ఆ దిగుడు మాత్రమే నాలుగైదుసార్లు వినాలి. ఫోన్‌లో వేగం సగానికి తగ్గించుకుంటే ఇంకా తేలిక.

మోహనకు 'గ ప ద స', దిగేటప్పుడు 'ద ప గ రి' ఆనవాళ్లు. 'మాయాబజార్' (1957)లోని 'లాహిరి లాహిరి లాహిరిలో' వింటూ ఈ రెండు ముక్కలూ వెతకండి. హిందోళాన్ని 'ని ద మ', 'మ గ స' పట్టిస్తాయి. 'సామజవరగమన' కీర్తన బాగా తెలిసినవాళ్లకు ఇవి చెవిలోనే ఉంటాయి. స్వరాల జాబితా కంటే ఈ ముక్కలు కంఠస్థం చేయడం మేలని మా నమ్మకం, ఎందుకంటే సినిమా పాటలో గమకం తగ్గినా, వేగం పెరిగినా ఇవి నిలుస్తాయి.

అపోహ: విషాదమైతే శివరంజని, భక్తి అయితే మధ్యమావతి.

రసాన్ని బట్టి రాగం చెప్పడం ఊహ మాత్రమే. తాళం మార్చి, వేగం పెంచితే అదే రాగం పెళ్లిపాట అవుతుంది.

అపోహ: ఒక పాటకు ఒకే రాగం.

'సువర్ణసుందరి' (1957)లోని 'హాయి హాయిగా ఆమని సాగే' నాలుగు రాగాల మాలిక: సోహిని, బహార్, జోన్‌పురి, యమన్. అది కావాలని చేసిన కూర్పు. మామూలు పాటల్లోనూ చరణంలో ఆ రాగానికి చెందని అన్యస్వరం వస్తుంది, నడుమ వాయిద్యాల్లో అయితే మరీ ఎక్కువ. వాయిద్య భాగాన్ని పక్కన పెట్టి, పల్లవి మీదే నిర్ణయానికి రండి. చరణంలో కొత్త స్వరం ఒక్క మాట దగ్గర వచ్చి పోతే అది అలంకారం. ఆ స్వరంతోనే కొత్త ముక్క పదే పదే వస్తుంటే రాగం మారినట్టే. అప్పుడు ఆ చరణానికి విడిగా షడ్జం నుంచి మళ్లీ వెతకాలి. పల్లవికి పెట్టిన పేరును దానికీ అంటగట్టకూడదు.