ఒక్క పాడ్యమి, రెండు ఉగాదులు

చిరంజీవులు మనస్వినికి, ఆదిత్యకు తాతయ్య ఆశీస్సులు.

“అమ్మ శనివారమే ఉగాది పచ్చడి చేసింది, మీరు ఆదివారం చేసుకున్నారు, ఎవరిది తప్పు?” అని ఫోనులో గట్టిగానే నిలదీశారు. ఎవరిదీ తప్పు కాదు. ఎలాగో చెప్పాలంటే ముందు మా బడి గంట సంగతి చెప్పాలి.

మా బడిలో వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. ఉదయం దాన్ని మోగించగానే మాస్టారు హాజరు పట్టీ తెరిచేవారు. గంటకు ఎవరుంటే వారికే హాజరు. నేను కాలవలో ఈతకు దిగి ఒకరోజు జుట్టు తడి ఆరకుండానే పరుగెత్తుకొచ్చాను. అప్పటికే పట్టీ మూసేశారు. సాయంత్రం దాకా మొదటి వరుసలోనే కూర్చున్నాను, రెండు పద్యాలు కూడా అప్పజెప్పాను. అయినా పట్టీలో ఆ రోజు నేను లేను! మీరైనా వేళకు వెళ్లండి.

పంచాంగంలో ఆ గంట సూర్యోదయం. అప్పుడు ఏ తిథి నడుస్తుంటే ఆ రోజుకు ఆ తిథి పేరే. తిథి అంటే మరేమీ కాదు, సూర్యుడికి చంద్రుడు ఎంత దూరం జరిగాడన్న లెక్క. పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి అయిపోయినట్టు. చంద్రుడు సూర్యుణ్ణి కలిసి దాటగానే అమావాస్య ముగిసి పాడ్యమి మొదలవుతుంది. అది ఆకాశంలో ఒక్కసారే జరుగుతుంది, మన ఊరికొకసారి, డల్లాసుకొకసారి జరగదు.

ఉగాది అంటే చైత్ర పాడ్యమి కదా, 2025లో ఆ క్షణం మా గడియారంలో మార్చి 29, శనివారం సాయంత్రం 4:28. మీ డల్లాసులో అదే క్షణానికి శనివారం తెల్లవారుజామున 5:58. పదిన్నర గంటల తేడా, అంతే. ఇప్పుడు గంట మోగించండి. మీకు సూర్యోదయం సుమారు 7:20కి. పాడ్యమి అప్పటికే వచ్చి కూర్చుంది, హాజరు పడింది, శనివారం ఉగాది. మాకేమో శనివారం గంట ఎప్పుడో పొద్దున్నే మోగింది. పాడ్యమి సాయంత్రం వచ్చింది, నాలాగే. దానికి హాజరు మర్నాడు ఆదివారం ఉదయం ఆరు దాటాకే పడింది. ఆ మధ్యాహ్నం 12:49కి వెళ్లిపోయింది.

అసలు తమాషా న్యూయార్కులో జరిగింది. అక్కడ శనివారం సూర్యోదయం సుమారు 6:45కి, పాడ్యమి వచ్చింది 6:58కి. పదమూడు నిమిషాలు ఆలస్యం! పోనీ ఆదివారం గంటకైనా ఉందా అంటే, తెల్లవారుజామున 3:19కే వెళ్లిపోయింది. శనివారం గంటకూ ఆదివారం గంటకూ మధ్య వచ్చి, ఏ పట్టీలోనూ ఎక్కకుండా పోయిందన్నమాట. దీన్నే క్షయ తిథి అంటారు. పాపం, అలాంటప్పుడు ఆ రెండింట్లో ముందు రోజే, అంటే శనివారమే, ఉగాది చేసుకోమంటుంది శాస్త్రం. మా మాస్టారికి అంత దయ ఉండేది కాదు.

అన్ని పండుగలకూ గంట ఉదయమే అనుకోకండి. వినాయక చవితికి మధ్యాహ్నం చూస్తారు, శివరాత్రికి అర్ధరాత్రి. ఈ బడి పోలిక అక్కడ కొంచెం కుంటుతుంది, కానీ నాకు వదలబుద్ధి కావడం లేదు. రాత్రిబడి అనుకోండి.

ఇకనుంచి అమ్మ పంచాంగాన్ని మీరే పరీక్షించవచ్చు. మా పంచాంగంలో తిథి ముగిసే సమయంలోంచి పదిన్నర గంటలు తీసేయండి, మీది రావాలి. నవంబరులో మీరు గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర తీసేయాలి. సరిగ్గా ఒక గంట తేడా వచ్చిందంటే ఎవరో ఆ తిప్పడం మరిచిపోయారు. అలా కాక కొన్ని గంటలు అటూ ఇటూ అయితే అది ఊరి తేడా కాదు. ఒకరు ఆకాశంలో కనబడే స్థానాలకు సరిపోయే దృక్ గణితంతో, ఒకరు పాత గ్రంథాల సిద్ధాంతంతో లెక్క కట్టి ఉంటారు. ఆ తగువు మా వీధిలోనే ఉంది, మీ దాకా రానివ్వను.

మరొక్క పని చెబుతాను. వచ్చే అమావాస్య వెళ్లిన రెండో రోజు, పొద్దుగూకగానే పడమర తిరిగి నెలవంకను చూడండి. మేము మా డాబా మీద చూసిన సుమారు పన్నెండు గంటలకు గాని మీకు పొద్దుగూకదు. ఈలోగా చంద్రుడు ఊరుకుంటాడా? మీ నెలవంక మాదానికంటే ఒక పిసరు లావుగా ఉండాలి. చూసింది చూసినట్టు కాగితం మీద గీసి పంపండి. నేనూ గీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య