ఆకుపచ్చ గుడ్డ ఒక్క క్లిక్‌తో పోతుందా?

"అన్నా, వెనకాల ఆకుపచ్చ గుడ్డే కట్టి తీశాం. ఆ గుడ్డ తీసేసి గుడి బొమ్మ పెట్టెయ్యి, రెండు నిమిషాల పని." ఆల్బమ్ డిజైనింగ్‌లో నేను వారానికి ఒకసారైనా వినే మాట ఇది. గుడ్డ పోవడం నిజంగానే రెండు నిమిషాల పని. ఆ గుడ్డ రంగు మనిషి మీద పడి ఉంటే దాన్ని తీయడానికే సాయంత్రం అవుతుంది.

అందరికీ ఉన్న పెద్ద అపోహ ఇదే: ఆకుపచ్చ వెనకాలే ఉంది కాబట్టి వెనకాలే పోతుందని. గుడ్డ మీద పడిన లైటు ఆకుపచ్చగా మారి మళ్ళీ మనిషి మీదికే వస్తుంది. దవడ అంచు, చెవి, మెడ పక్క, జుట్టు చివర్లు, జరీ, వెండి వస్తువులు దాన్ని బాగా పట్టుకుంటాయి. మేం దీన్ని స్పిల్ అంటాం. మనిషి గుడ్డకు ఆనుకుని నిలబడితే ఇక చెప్పక్కర్లేదు. కనీసం ఆరడుగులు ముందుకు రమ్మనండి, గుడ్డకు వేరే లైటు పెట్టండి. సగం గొడవ అక్కడే పోతుంది. మనిషి నీడ గుడ్డ మీద పడుతోందంటే ఇంకా దగ్గరగా ఉన్నట్టే.

మొన్న ఎండాకాలంలో ఒకాయన కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటో తెచ్చాడు. ఇంట్లో గోడకు గుడ్డ కొట్టి, పాపను దానికి ఆనించి, ఫ్లాష్ వేసి తీశారు. "మళ్ళీ తీయలేం అన్నా, చుట్టాలంతా వెళ్ళిపోయారు" అన్నాడు. ఆ మొహం చూస్తే కాదనలేకపోయాను.

ఫోటోషాప్‌లో Select > Color Range తెరిచి, గుడ్డ మీద క్లిక్ చేసి, ఎంత దగ్గరి రంగుల దాకా పట్టుకోవాలో చెప్పే Fuzziness 40 దగ్గర పెట్టాను. ముడతల నీడలు మిగిలాయి. వాటి కోసం Fuzziness పెంచితే జుట్టు తినేస్తోంది. అందుకే తక్కువలోనే ఉంచి, Shift పట్టుకుని ముడతల మీద విడిగా క్లిక్ చేశాను. తర్వాత డిలీట్ కొట్టకుండా, సెలెక్షన్ తిరగేసి పాప వైపు తెచ్చి లేయర్ మాస్క్ వేశాను. డిలీట్ చేసింది రేపు తిరిగి రాదు, మాస్క్‌లో అయితే బ్రష్‌తో తెచ్చుకోవచ్చు.

గుడ్డ పోయింది. పాప దవడ మాత్రం ఆకుపచ్చగా ఉంది. ఐడ్రాపర్ పెట్టి చూస్తే బుగ్గ మధ్యలో R 200, G 150, B 125. మన ఒంటి రంగులో ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ దాని కంటే తక్కువ, నీలం ఇంకా తక్కువ ఉండాలి. దవడ దగ్గర R 185, G 190, B 125 ఉంది. ఆకుపచ్చ ఎరుపును దాటిందంటే అది స్పిల్లే. దీనికి పాత సూత్రం ఒకటుంది:

```
G = min(G, (R + B) / 2)
```

దవడకు లెక్క వేస్తే 185, 125 సగటు 155. G 190 నుంచి 155కి దిగుతుంది, చర్మం చర్మంలా అవుతుంది. బుగ్గలో సగటు 162, అక్కడి G 150 మాత్రమే కాబట్టి దాన్ని ముట్టుకోదు. భలే ఉంది కదా అని మొత్తం ఫోటోకి వేసేశాను.

సాయంత్రం వాళ్ళావిడ వచ్చి చూసి, "ఇది మా ఓణీ కాదండీ" అంది. నిజమే. ఓణీ పసుపు రంగుది, R 225, G 185, B 45. సగటు 135 కాబట్టి G 135కి పడిపోయి, పసుపు ఓణీ నారింజ రంగుకు తిరిగింది. బంగారు జరీ రాగిలా అయింది. సూత్రానికి స్పిల్ తెలియదు, అంకెలే తెలుసు. మళ్ళీ మొదటికి వచ్చి, చర్మం, జుట్టు అంచుల మీద మాత్రమే మాస్క్‌తో వేశాను. జరీ అంచు మీద పడిన ఆకుపచ్చను చేత్తో, పక్కనున్న జరీ రంగు తీసుకుని పూశాను. అది పూర్తిగా పోలేదు. ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పాను.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. ఆకుపచ్చే వాడాలని శాస్త్రమేమీ లేదు. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంటే నీలం గుడ్డ కట్టండి, లేకపోతే గుడ్డతో పాటు చీరా పోతుంది. ఖరీదైన గుడ్డ అక్కర్లేదు, మెరవనిది, ఇస్త్రీ చేసింది చాలు. కత్తిరించిన బొమ్మను JPGలో సేవ్ చేసి "వెనకాల తెల్లగా వచ్చింది" అని ఫోన్ చేయకండి, PNGలో చేయండి. ఫోటో పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే కుదించేటప్పుడు రంగు వివరం ఎక్కువగా పోయి, జుట్టూ గుడ్డా కలిసిపోతాయి.

ఇంట్లో తీస్తుంటే మొదటి ఫోటో తీయగానే ఫోన్‌లో దవడ దగ్గర పెద్దది చేసి చూడండి. అక్కడ ఆకుపచ్చ కనిపిస్తే పాపను రెండడుగులు ముందుకు జరిపి ఇంకోటి తీయండి, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే.