మందు మానిన మూడో రాత్రి

ఒక పాఠకురాలు అడిగారు: "మా ఆయన మందు మానేస్తానంటున్నారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెచ్చి ఇంట్లోనే వేస్తే సరిపోదా అండీ?"

సరిపోదు. ఎందుకో చెప్పాలంటే ఒక తలుపును ఊహించుకోవాలి.

తలుపుని బయటి నుంచి ఒకడు రోజూ నెడుతున్నాడు. వాడు మద్యం. మెదడును నెమ్మదింపజేసే గాబా సంకేతాన్ని పెంచుతాడు, ఉరకలెత్తించే గ్లుటమేట్ సంకేతాన్ని అణుస్తాడు. మెదడు ఊరుకోదు, లోపలి నుంచి ఎదురు నెడుతుంది. గాబాకి స్పందించడం తగ్గించుకుని, గ్లుటమేట్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి ఇద్దరి బలమూ దాదాపు సమానం. పాత తాగుబోతు నాలుగు పెగ్గులేసినా తూలకపోవడం అందుకే. ఇప్పుడు బయటివాడు ఒక్కసారిగా చెయ్యి తీసేస్తే? లోపలివాడు తన బలం తగ్గించుకోవడానికి రోజులు పడుతుంది.

శనివారం రాత్రి చివరి పెగ్గు అనుకుందాం. ఆదివారం పొద్దున్నే చేతిలో కాఫీ గ్లాసు వణికి ఒలికిపోతుంది. ఆ రోజో మర్నాడో ఫిట్స్ రావచ్చు. మంగళవారం రాత్రి కొందరికి గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది, జ్వరం, గుండెదడ, ఎక్కడున్నారో తెలియదు. ఇది డెలీరియం ట్రెమెన్స్. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేది ఇలాంటి రాత్రే. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

దీన్ని ఆపడానికి ఆసుపత్రిలో ఇచ్చేవీ నిద్రమాత్రల జాతివే. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి ఈ బెంజోడయాజెపీన్లు అదే గాబా గ్రాహకం మీద, మద్యం పట్టుకునే చోట కాకుండా మరోచోట అతుక్కుంటాయి. అంటే తలుపుకి వేరే చెయ్యి ఆనించినట్టు. మొదటి రోజు గట్టిగా ఆనించి, లోపలి ఒత్తిడి తగ్గే కొద్దీ రోజుకి దాదాపు ఐదో వంతు చొప్పున సడలిస్తూ, సాధారణంగా వారం పది రోజుల్లో తీసేస్తారు. తొందరపడితే ఫిట్స్. వారాల తరబడి ఉంచేస్తే మెదడు ఈ కొత్త చేతికీ ఎదురు నెట్టడం మొదలుపెడుతుంది, మాత్రే అలవాటవుతుంది.

ఆ చెయ్యి ఎంత గట్టిగా ఆనించాలో మనిషిని చూస్తే తప్ప తెలియదు. అందుకే వార్డులో నర్సు కొన్ని గంటలకోసారి చేతులు చాపమంటుంది, చెమట చూస్తుంది, ఇవాళ ఏ వారమని అడుగుతుంది. మత్తుగా జోగుతుంటే తర్వాతి మాత్ర ఆపి డాక్టర్ని పిలుస్తుంది. లివర్ దెబ్బతిన్నవాళ్లలో డయాజెపామ్ ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి వాళ్లకి తరచూ లోరాజెపామ్ ఎంచుకుంటారు.

ఇంట్లో జరిగేది వేరు. మూడో రోజు ఉండబట్టలేక మాత్ర మీద క్వార్టర్ తాగుతాడు. బయటి నుంచి రెండు చేతులూ కలిసి నెడితే మెదడులో ఊపిరిని నడిపే కేంద్రం మందగిస్తుంది. గట్టిగా గురక పెడుతుంటే హాయిగా పడుకున్నాడనుకుంటారు. పిలిచినా లేవకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తెలంగాణలో కల్లు తాగేవాళ్లది ఇంకో చిక్కు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలామ్ కూడా బెంజోడయాజెపీనే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతో, ఫిట్స్‌తో హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తారు. వాళ్లకి తెలియకుండానే తలుపు మీద రెండు చేతులు ఉన్నాయి, రెండూ ఒకేసారి తొలగిపోయాయి. అందుకే డాక్టరుకి "మందు అలవాటు" అని చెప్పి ఊరుకోకుండా, ఏం తాగుతారో, కల్లయితే రోజుకి ఎన్ని సీసాలో కూడా చెప్పండి.