మచ్చల ఆకుల మూడు ఫోటోలు

బ్రాడీపేట, గుంటూరు

చిట్టీ, బాబీ,

మీరు పటమట నుంచి పంపిన మూడు ఫోటోలూ చూశాను. "తాతయ్యా, వీటిలో దేనికి జబ్బు చేసింది? అన్నిటినీ పారేద్దామని అమ్మ టెన్షన్ పడుతోంది" అని రాశారు. అమ్మని కాస్త ఆగమనండి. మూడింటిలో అనుమానించాల్సింది ఒక్కటే. మిగతా రెండూ ఎందుకు అలా ఉన్నాయో చెప్తే దాని సంగతి మీకే తెలిసిపోతుంది.

మొదటిది మరాంటా. లేత ఆకుపచ్చ మీద, నడి ఈనెకి రెండు పక్కలా ముదురు మచ్చలు వరసగా ఉన్నాయి. ఫోటోలో కనిపిస్తున్న ఆకులన్నీ చూడండి, మచ్చలు అన్నిటికీ అవే చోట్ల, పక్క ఈనెల మధ్యలో ఉన్నాయి. చుట్టు విప్పుకుంటున్న లేతాకులో కూడా అంతే. ఆకు ఏర్పడేటప్పుడే ఎక్కడ ముదురు రంగు రావాలో, ఎక్కడ లేత రంగు రావాలో ఆ మొక్క జన్యువుల్లో ఉంది. పిలక తీసి నాటినా అదే డిజైను వస్తుంది. ఇది ఆ మొక్క సహజ రూపం. జబ్బు ఇంత క్రమంగా, ప్రతి ఆకులో ఒకే కొలతతో రాదు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు, మళ్ళీ కుండీ ఉన్నచోటే పెట్టేయండి.

రెండోది చిట్టి వేసిన స్నేక్ ప్లాంట్. ఇక్కడే అసలు మజా ఉంది. తల్లి మొక్క ఆకు అంచులకి పసుపు పట్టీ ఉంది. చిట్టి ఒక ఆకుని మూడు నాలుగు అంగుళాల ముక్కలుగా కోసి ఇసకలో గుచ్చింది. నెలల తరవాత పక్కన మొలిచిన పిల్ల మొక్కకి పట్టీ లేదు, అంతా ఆకుపచ్చే. "ఇసకలో బలం లేక రంగు పోయిందా, జబ్బా?" అని అడిగింది. రెండూ కాదు.

మొక్క చివర్న, ఆకులు పుట్టేచోట, కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఎప్పుడో ఒక పొరలోని కణం ఆకుపచ్చ రంగు తయారు చేసే శక్తిని పోగొట్టుకుంది. ఆ పొర నుంచి పుట్టిన కణాలన్నీ అలాగే పసుపు పచ్చగా మిగిలాయి. ఆకు అంచు ఎక్కువగా ఆ పొరతో నిండుతుంది కాబట్టి అంచున పట్టీ కనిపిస్తుంది. అంటే ఆ మొక్కలో రెండు రకాల కణాలు కలిసి కాపురం చేస్తున్నాయి. దీన్ని కైమీరా అంటారు. ఇప్పుడు కోసిన ముక్క సంగతి చూడండి. ముక్క నుంచి మొలక పుట్టేటప్పుడు పొరలన్నీ కలిసిరావు. లోపలి ఆకుపచ్చ కణాల నుంచి మొలకెత్తింది కాబట్టి పిల్ల మొక్క పచ్చగా వచ్చింది. పసుపు పట్టీ కావాలంటే తల్లి పక్కన మట్టిలోంచి లేచిన పిలకని, కింద దుంప ముక్కతో సహా విడదీసి నాటాలి. ఆ పిలక చివరలో పొరలు యథాతథంగా ఉంటాయి. నర్సరీల వాళ్ళు కూడా పసుపు అంచు రకాన్ని ఇలాగే పెంచుతారు.

కైమీరా చారని గుర్తుపట్టడానికి ఇంకో ఉపాయం ఉంది. మనీ ప్లాంట్ మీద తెల్లచార కనిపించినప్పుడు, ఆ ఆకు కాడని, తీగని వెతకండి. చాలాసార్లు తీగ మీద కూడా అదే వరసలో ఒక లేత గీత ఉంటుంది, ఆ గీత నుంచి లేచిన ఆకుకే చార ఎక్కువ. చార అంచు కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంటుంది. మరీ తెల్లటి కొమ్మ అయితే ఎక్కువ కాలం బతకదు, దానికి తిండి తయారు చేసుకునే రంగే లేదు కదా.

మన పెరట్లో పూసే చంద్రకాంతలో చారలు ఇంకో తమాషా చేస్తాయి. జర్మనీలో కార్ల్ కోరెన్స్ అనే ఆయన 1909లో ఒకే మొక్కలో పచ్చ, తెలుపు, చారల కొమ్మలున్న చంద్రకాంతని పరీక్షించి చూశాడు. పుప్పొడి ఏ కొమ్మది అయినా ఒకటే, గింజ కట్టిన పువ్వు ఏ కొమ్మ మీద ఉందో మొలక ఆ రంగుదే. తెల్లకొమ్మ గింజలు మొలిచి చచ్చిపోయాయి. చారల కొమ్మ గింజల్లో మూడు రకాలూ వచ్చాయి. కణాల్లో ఉండే ఆకుపచ్చ రంగు కణికలు గింజకి తల్లి నుంచే వస్తాయి కాబట్టి అలా జరిగింది. వంశం అంటే నాన్న పోలిక, అమ్మ పోలిక అని ఇద్దరినీ చెప్పుకునే మనకి ఇది విడ్డూరంగానే ఉంటుంది.

ఇక మూడోది, కలేడియం. దీని ఎర్ర మచ్చలు, తెల్ల మచ్చలు చూసి భయపడక్కర్లేదు, అవి దాని అందం. బాబీ తీసిన దగ్గరి ఫోటోలో నన్ను ఆపింది వేరేది. కొత్తాకులో ఈనెల వెంట లేత పసుపు పచ్చ పక్షి ఈకలా పాకుతోంది. అంచు స్పష్టంగా లేదు, పచ్చలోకి చెరిగిపోయింది. ఆకు ఒక పక్క ముడతపడి వంకరగా ఉంది. పాత ఆకులో ఇది లేదు. మన చేమ మొక్కలో ఇలాంటి ఈకల గుర్తు వస్తే అది వైరస్ పని, పేరు డాషీన్ మొజాయిక్. కలేడియం చేమ కుటుంబమే కాబట్టి దీనికీ రావచ్చు. పేనుబంక దాన్ని ఒక మొక్క మీద నుంచి ఇంకోదానికి నిమిషాల్లో అంటిస్తుంది. మినుము చేలో పల్లాకు తెగులు చూశారు కదా, అదీ వైరస్సే, కాకపోతే దాన్ని మోసేది తెల్లదోమ.

ఈ వైరస్‌కి ఒక దొంగబుద్ధి ఉంది. ఒక ఆకులో కనబడి, తరవాత వచ్చే ఆకులు శుభ్రంగా ఉండవచ్చు. అప్పుడు "నయమైపోయింది" అనుకోకండి, అది దుంపలో ఉండిపోతుంది. మందు లేదు. కాబట్టి ఒక్క ఫోటో చూసి నేను తీర్పు చెప్పను. వెలుగుకి ఎదురుగా ఆకుని పట్టుకుని ఫ్లాష్ లేకుండా ఒకటి తీయండి, అడుగు వైపు ఇంకోటి, తొడిమ వరకు మొక్కంతా కనబడేలా మూడోది. ఫ్లాష్ వేస్తే మెరుపే మచ్చలా కనిపిస్తుంది. ఆకు అడుగున సూదిమొన చుక్కలు, సన్నని గూడు ఉంటే తెల్ల కాగితం మీద ఆకుని తట్టండి. చుక్కలు కదిలితే అది నల్లి, నీటితో కడిగి ఊరుకోవచ్చు. కొత్తాకులన్నీ పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఐరన్ లోపం, అది కూడా వైరస్ కాదు.

నల్లో, లోపమో, వైరస్సో తేలేలోపు కలేడియాన్ని మిగతా కుండీల నుంచి వేరే గదిలోకి మార్చండి. దాన్ని తాకిన కత్తెరని సబ్బుతో కడిగాకే ఇంకో మొక్కకి వాడండి. రాబోయే రెండు మూడు ఆకుల్లో ఈకల గుర్తు మళ్ళీ వస్తే, దుంపతో సహా కవర్లో కట్టి చెత్తలో వేయమని అమ్మకి చెప్పండి. కంపోస్టులో వద్దు, ఆ దుంప మళ్ళీ మొలుస్తుంది.

మీ తాతయ్య